ఫిషింగ్ హార్బర్‌లో ఒక ట్రిప్పు లెక్క: పునాది, ఉపరితలం, వర్గపోరాటం కళ్ళతో చూసే పద్ధతి

పునాది, ఉపరితలం అనే మాటలు సోషియాలజీ చదివిన ప్రతివాళ్ళకీ నోటికి వస్తాయి. ఆర్థిక పునాది మీద చట్టం, రాజకీయం, మతం, భావాలు నిలబడతాయని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటారు. "సరే, మన విశాఖలో ఎక్కడ కనిపిస్తుందో చూపించు" అంటే మాత్రం చాలామంది స్టీల్ ప్లాంటు గేటు వైపు చెయ్యి చూపించి ఆగిపోతారు. స్టీల్ ప్లాంటు చాలా పెద్దది. దాని లెక్కలు మన చేతికి అందవు. అందుకే నేను క్లాసులో ఈ పాఠం చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ పిల్లల్ని ఫిషింగ్ హార్బర్‌కి పంపిస్తాను. పెట్టుబడి, పనిముట్టు, శ్రమ, సరుకు, వేలం, అప్పు, నమ్మకం, చట్టం అన్నీ అక్కడ ఒక కిలోమీటరు నడకలో దొరుకుతాయి.

ఈ మార్గదర్శి ఆ పద్ధతి గురించే. ఒక్క బోటు, ఒక్క ట్రిప్పు పట్టుకుని, ఆ లెక్క చీటీ నుంచి మొదలుపెట్టి మనుషుల మాటల దాకా, అక్కడి నుంచి ప్రభుత్వ కాగితాల దాకా ఎలా వెళ్ళాలో చెబుతాను.

బయల్దేరే ముందు తెలియాల్సింది

మార్క్స్ ఈ మాట చెప్పింది 1859లో, తన అర్థశాస్త్ర విమర్శకు రాసిన ముందుమాటలో. బతుకుదెరువు కోసం మనుషులు ఉత్పత్తి చేసేటప్పుడు ఒకరితో ఒకరు కొన్ని సంబంధాల్లోకి వస్తారు, తమ ఇష్టంతో పని లేకుండానే. ఆ సంబంధాల మొత్తమే పునాది. చట్టం, రాజకీయం దాని మీద లేస్తాయి. మనుషుల ఆలోచనలు దానికి తగ్గట్టుగా రూపు కడతాయి. మన చైతన్యం మన ఉనికిని నిర్ణయించదు, మన సామాజిక ఉనికే చైతన్యాన్ని నిర్ణయిస్తుంది అన్నది ఆ వాదన సారం.

సంఘర్షణ దృక్పథం దీనికి జోడించేది ఒక అనుమానం. ఏదైనా ఏర్పాటు "అందరికీ మంచిది కాబట్టే నడుస్తోంది" అని ఎవరైనా అంటే, ఎవరికి ఎంత మంచిది, ఎవరు ఎప్పుడు తింటున్నారు, కాదనే శక్తి ఎవరికి ఉంది అని అడగడం. ఈ మూడు ప్రశ్నలూ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి.

మొదటి అడుగు: పనిముట్టు దగ్గర మొదలుపెట్టండి

చాలామంది మనుషులతో మాట్లాడటంతో మొదలుపెట్టి దెబ్బతింటారు. వెళ్ళగానే "మీ సమస్యలేంటి?" అని అడిగితే పేపరువాళ్ళకి చెప్పే సమాధానమే మనకీ చెబుతారు. మొదటి రోజు ఎవర్నీ ఏమీ అడగొద్దు. తెల్లవారకముందే వెళ్ళి జట్టీ మీద నిలబడి వస్తువులు చూడండి: బోటు, ఇంజిను, వల, ఐసు, డీజిలు డ్రమ్ములు, కాటా, ట్రేలు. ఒక్కోదాని పక్కన రెండు విషయాలు రాయండి. ఇది లేకపోతే వేట ఆగుతుందా? ఇది ఎవరిది?

మార్క్స్ చెప్పిన ఉత్పత్తి శక్తులు ఇవే, వీటిని వాడే నైపుణ్యంతో సహా. తెప్పతో వేటాడే రోజుల్లో జాలరి కుటుంబానికి తన తెప్ప, తన వల ఉండటం అసాధ్యం కాదు. మరబోటు వచ్చాక ఆ వీలు పోయింది. లక్షలు పెట్టి బోటు కట్టించాలి, దానికి ఇంజిను బిగించాలి, ఒక్కో ట్రిప్పుకి వేల లీటర్ల డీజిలు పోయాలి. సముద్రం గురించి ఎంత తెలిసినా, చేతిలో అంత డబ్బు లేనివాడు ఇంకొకరి బోటు ఎక్కాల్సిందే. పనిముట్టు పెద్దదవగానే మనుషుల మధ్య సంబంధం మారిపోయింది. పునాదిలో మార్పు అంటే ఇదే, ఇంతకంటే మార్మికం ఏమీ లేదు.

రెండో అడుగు: లెక్క చీటీ విప్పండి

ఇక్కడ తొందరపడకండి. మొత్తం పనిలో సగం సమయం దీనికే పెట్టాలి.

విశాఖ మరబోట్లలో కళాసీకి, అంటే బోటు మీద పని చేసే మనిషికి, నెల జీతం బదులు వాటా ఇచ్చే పద్ధతి ఉంది. ట్రిప్పు తిరిగొచ్చాక సరుకు వేలం వేసి, ఖర్చులు తీసేసి, మిగిలింది ఓనరుకీ పనివాళ్ళకీ పంచుతారు. ఎంతెంత అన్నది బోటుని బట్టి మారుతుంది కాబట్టి మీరు చూసే బోటు లెక్క మీరే రాసుకోవాలి. పద్ధతి అర్థం కావడానికి ఒక ఊహాలెక్క వేస్తాను. అంకెలు నేను పెట్టినవే.

పదిహేను రోజుల ట్రిప్పు. బోటు నడిపే సరంగుతో కలిపి ఎనిమిది మంది. సరుకు 6,00,000 రూపాయలకి అమ్ముడుపోయింది. డీజిలుకి 2,90,000, ఐసుకి 30,000, బియ్యం, ఉప్పు, గ్యాసు వగైరా 30,000. అమ్మిపెట్టినందుకు కమీషను నూటికి అయిదు చొప్పున 30,000. మొత్తం ఖర్చు 3,80,000. మిగిలింది 2,20,000. అందులో ఓనరుకి అరవై పాళ్ళు, అంటే 1,32,000. పనివాళ్ళకి నలభై పాళ్ళు, అంటే 88,000. సరంగుకి రెండు వాటాలు, మిగతా ఏడుగురికి ఒక్కోటి. తొమ్మిది వాటాలు చేస్తే ఒక్కో వాటా దాదాపు 9,778.

ఇప్పుడు అదే బోటు, అదే మనుషులు, అదే పదిహేను రోజులు. సరుకు తక్కువ పడి 4,20,000 మాత్రమే వచ్చింది. డీజిలు, ఐసు, తిండి ఖర్చు మారదు. కమీషను 21,000. మొత్తం ఖర్చు 3,71,000. మిగిలింది 49,000. పనివాళ్ళ భాగం 19,600. ఒక్కో వాటా 2,178.

అమ్మకం నూటికి ముప్ఫై తగ్గింది. కళాసీ చేతికొచ్చేది నూటికి డెబ్బై ఏడుకి పైగా తగ్గింది. ఓనరుకీ అంతే తగ్గింది, 1,32,000 నుంచి 29,400కి. ఇది దాచకూడదు. దాచారంటే మీరు చేస్తున్నది విశ్లేషణ కాదు, కరపత్రం. కానీ కమీషను తీసుకున్నాయనకి తగ్గింది నూటికి ముప్ఫై మాత్రమే. డీజిలు అమ్మినవాడికి, ఐసు అమ్మినవాడికి అసలు ఏమీ తగ్గలేదు.

ఈ చీటీలో మీరు పట్టుకోవాల్సిన గీత ఒక్కటే: పంపకానికి ముందు తినేవాళ్ళు ఎవరు, పంపకం తర్వాత తినేవాళ్ళు ఎవరు. ఖర్చుల కింద ఉన్న ప్రతి వరస పక్కనా "ఈ డబ్బు ఎవరికి వెళ్ళింది?" అని రాయండి. ఓనరుకి అప్పు ఇచ్చిన షావుకారే సరుకు అమ్మిపెట్టి కమీషను కోసుకుంటున్నాడా? ఐసు ఫ్యాక్టరీలో ఎవరికి వాటా ఉంది? ఒక్క బోటు ఉన్న ఓనరు అప్పుల్లో ఉండి, కళాసీతో పాటే రిస్కు మోస్తూ ఉండొచ్చు. నాలుగు బోట్లున్నాయన పరిస్థితి వేరు. ఆదాయం ఎంతన్నదాన్ని బట్టి వర్గం తేల్చకూడదని మార్క్సిస్టులు అనేది ఇందుకే. ఉత్పత్తిలో నువ్వు ఎక్కడ నిలబడ్డావు, దేని మీద నీకు పట్టు ఉంది అన్నదాన్ని బట్టే వర్గం.

సరంగు దగ్గర కొంచెం ఆగండి. బోటు ఆయనది కాదు, కానీ ఎక్కడ వల వెయ్యాలో, ఎవర్ని పనిలో పెట్టుకోవాలో చాలా వరకు ఆయన మాటే చెల్లుతుంది. మార్క్స్ తర్వాత డారెన్‌డార్ఫ్ అనే జర్మన్ సోషియాలజిస్టు 1950లలో వాదించింది ఇదే: సంఘర్షణకి ఆస్తి ఒక్కటే కారణం కాదు, అధికారం కూడా కారణమే అని. సరంగుని యజమాని పక్కన కూర్చోబెట్టాలో పనివాళ్ళ పక్కన కూర్చోబెట్టాలో తేల్చకుండానే మీ నోట్సులో ఉంచండి. కొట్టివెయ్యకండి.

మూడో అడుగు: మాటలు పట్టుకోండి

ఇప్పుడు మనుషులతో మాట్లాడొచ్చు. అభిప్రాయాలు అడగొద్దు, చీటీలోని వరసల గురించి అడగండి. రెండేళ్ళ కిందట మా విద్యార్థిని ఒకమ్మాయి వల చిక్కు తీస్తున్న ఒక పెద్దాయన పక్కన కూర్చుని, కిందటి ట్రిప్పులో వాటా ఎంత పడింది బాబాయ్ అని అడిగింది. ఆయన అంకె చెప్పలేదు. "సముద్రం ఇత్తే తింటాం, నేకపోతే నేదమ్మా. గంగమ్మ దయ" అన్నాడు. మరి ఓనరుకి ఎంత పడిందని అడిగితే నవ్వాడు. "ఓనరేటి, మా మేనమామ కొడుకే. మనోడే" అన్నాడు.

ఆ అమ్మాయి తిరిగొచ్చి "సార్, ఆయనకి వర్గచైతన్యం లేదు" అని రాసింది. ఈ పనిలో అందరూ చేసే తప్పు ఇదే. ఆయన మాట అజ్ఞానం కాదు. రెండు చీటీలు మళ్ళీ పక్కపక్కన పెట్టి చూడండి. అదే మనిషి అంతే కష్టపడితే ఒకసారి 9,778, ఇంకోసారి 2,178. తన కష్టానికీ తన కూలికీ లంకె కనబడని చోట మనిషి దాన్ని అదృష్టం అనక ఏమంటాడు? ఆ నమ్మకాన్ని ఎవరో కుట్ర పన్ని ఆయన తలలో పెట్టలేదు. వాటా పద్ధతే దాన్ని ప్రతి ట్రిప్పుకీ కొత్తగా పుట్టిస్తోంది. పునాది భావాలకు రూపం ఇస్తుందంటే అర్థం ఇదే.

"మనోడే" అన్నది ఇంకా లోతైన మాట. ఓనరూ కళాసీ ఒకే కులం, చాలాసార్లు ఒకే పేట, పెళ్ళికీ చావుకీ ఒక చోట కలిసేవాళ్ళు. పెళ్ళికో ఆసుపత్రికో అడ్వాన్సు ఇచ్చేదీ ఆయనే. ఆ అడ్వాన్సు తీరేదాకా ఇంకో బోటు ఎక్కడం మర్యాద కాదు. బయటి నుంచి చూస్తే అది అప్పు, లోపల నుంచి చూస్తే అది మాట నిలబెట్టుకోవడం. రెండూ నిజమే. ఒక భావం ముందు మీకు ఆగాలనిపించినప్పుడు ఈ ప్రశ్న వెయ్యండి: ఈ మాట అందరూ నమ్మినంత కాలం ఏ ప్రశ్న అడగకుండా ఉండిపోతుంది? "గంగమ్మ దయ" ఖర్చుల వరస గురించి అడగనివ్వదు. "మనోడే" పంపకం పాళ్ళ గురించి అడగనివ్వదు.

ఇదే చీటీని సమాజం ఒక శరీరం లాంటిదని చూసే ప్రకార్యవాది చూస్తే, వాటా పద్ధతి రిస్కుని అందరికీ పంచే మంచి ఏర్పాటు అంటాడు. అదీ తప్పు కాదు. సంఘర్షణ దృక్పథం అడిగేదల్లా, ఆ "అందరి"లో కమీషను వరస ఎందుకు లేదని.

నాలుగో అడుగు: పోల్చి చూడండి

ఇప్పటిదాకా చెప్పింది ఒట్టి కథ కూడా కావచ్చు. భావాల్ని నిజంగా పునాదే మలుస్తోందా, లేక అది వాళ్ళ కులాచారమా, స్వభావమా అని తేల్చాలంటే పోలిక కావాలి. ఆ పోలిక మన ఉత్తరాంధ్రలోనే ఉంది.

శ్రీకాకుళం జిల్లా నుంచి మత్స్యకారులు ఎన్నో ఏళ్ళుగా గుజరాత్‌లోని వెరావల్‌కి వలస వెళ్ళి అక్కడి బోట్ల మీద పని చేస్తున్నారు. 2018లో పాకిస్తాన్ పట్టుకుని 2020 జనవరిలో విడిచిపెట్టిన మనవాళ్ళు అలా వెళ్ళినవాళ్ళే. అక్కడ వాళ్ళది సీజను ఒప్పందం, నెల జీతం. ఓనరు పరాయివాడు, భాష వేరు. మనిషి అదే, కులం అదే, గంగమ్మ అదే. ముఖ్యంగా మారింది ఉత్పత్తి సంబంధం.

అలా వెళ్ళొచ్చినవాళ్ళు మీకు హార్బర్‌లో దొరికితే, రెండు చోట్ల గురించీ వాళ్ళు వాడే మాటలు విడివిడిగా రాసుకోండి. మా పిల్లలు రాసుకొచ్చిన నోట్సులో గుజరాత్ గురించి చెప్పేటప్పుడు జీతం, సేటు, సెలవు, బకాయి అన్న మాటలు వచ్చాయి. విశాఖ గురించి చెప్పేటప్పుడు వాటా, మనోడు, దయ, రాత అన్న మాటలు వచ్చాయి. అక్కడ బకాయి అనేవాడే ఇక్కడ రాత అంటున్నాడు. పదిమందితో మాట్లాడిన నోట్సు కాబట్టి దాన్ని రుజువు అనను. కానీ ఏ దిక్కున వెతకాలో చూపిస్తుంది. మీ నోట్సులో ఈ తేడా కనబడకపోతే, కనబడలేదనే రాయండి. అప్పుడు భావాలకు పునాది కాకుండా వేరే మూలం వెతకాల్సి వస్తుంది.

అయిదో అడుగు: కాగితాల్లో ఎవరున్నారు?

ఉపరితలంలో భావాలతో పాటు సంస్థలు కూడా ఉంటాయి. చట్టాన్ని చదవడానికి లాయరు కానక్కర్లేదు. ప్రతి కాగితం మీదా ఎవరి పేరు ఉంది, ఎవరు దేని ద్వారా లెక్కలోకి వస్తున్నారు అని చూస్తే చాలు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట ఆగిపోతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి నిషేధం సమంజసమే. ఆ రోజుల్లో ఓనరుకీ ఆదాయం ఉండదు, కానీ బోటు ఉంటుంది. కళాసీ దగ్గర ఉన్నది తన ఒళ్ళు, దాన్ని రెండు నెలలు పని లేకుండా పోషించాలి. అందుకే ప్రభుత్వం భృతి ఇస్తుంది. ఆ భృతి సాధించుకున్నది మత్స్యకారుల ఒత్తిడి వల్లే, కాబట్టి చట్టం పూర్తిగా బలవంతుడి చేతిలో పనిముట్టు అనడం సరికాదు. కానీ లబ్ధిదారుల్ని బోటుతో ముడిపెట్టి లెక్కిస్తారు. ఏ బోటు మీద పని చేస్తున్నావన్నదే నీ గుర్తింపు. డీజిలు సబ్సిడీ సంగతీ అంతే, అది రిజిస్టరైన బోటుకి వస్తుంది.

2023 నవంబరు 19 రాత్రి హార్బర్‌లో మంటలు లేచి పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయినప్పుడు ఇది ఇంకా స్పష్టంగా కనబడింది. బోటు విలువలో 80 శాతం పరిహారంగా ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఓనర్లకి అది చాలా అవసరం, వాళ్ళలో అప్పుల్లో మునిగినవాళ్ళు ఎందరో. కానీ "బోటు విలువ" అన్న కొలమానాన్నే చూడండి. ఆస్తికి కాగితం ఉంటుంది, విలువ కట్టొచ్చు. కొత్త బోటు వచ్చేదాకా కళాసీ పోగొట్టుకునే వేట రోజులకి ఏ కాగితమూ ఉండదు. ఇక్కడ ఏ అధికారి చెడ్డవాడూ కానక్కర్లేదు. ఆస్తి చుట్టూ కట్టిన చట్టానికి ఆస్తే ముందు కనబడుతుంది.

ఆరో అడుగు: పోరాటం ఏ వేషంలో ఉందో చూడండి

జెండాలు, సమ్మెలు వెతకొద్దు. ఓనర్లకి సంఘం ఉండి కళాసీలకి గట్టి సంఘం లేని చోట గొడవ వేరే దారుల్లో నడుస్తుంది. అడ్వాన్సు తీసుకుని బోటు మారిపోవడం, వండుకోడానికి పక్కన పెట్టిన చేప పరిమాణం మెల్లగా పెరగడం, కాటా దగ్గర గట్టిగా అరవడం. వేలంలో గంపకి పాడుకునే ఆడవాళ్ళు ధర దగ్గర చేసే రభస కూడా ఇందులోదే. వాళ్ళు అరువు మీద కొని సాయంత్రానికి అమ్మి కట్టాలి.

ఒక్కోసారి ఆర్థిక గొడవ ఊరి గొడవలా కనిపిస్తుంది. 2022 జనవరిలో రింగు వలల విషయమై పెదజాలారిపేట, వాసవానిపాలెం మత్స్యకారులు తలపడ్డారు, బోట్లు తగలబడ్డాయి. పేపర్లు రెండు ఊళ్ళ గొడవ అని రాశాయి. కానీ మొదటి అడుగులో రాసుకున్న పనిముట్ల పట్టిక తీసి చూడండి. రింగు వల ఒక్కసారికి చాలా పెద్ద గుంపుని చుట్టేస్తుంది, దానికి పెట్టుబడి కావాలి. చిన్న వలవాడికి మిగిలేది తక్కువ. ఒడ్డుకి దగ్గరి నీళ్ళు సంప్రదాయ మత్స్యకారులకి వదలాలని, మరబోట్లు 8 కిలోమీటర్ల అవతలే వేటాడాలని రాష్ట్రంలో నిబంధన పుట్టిందీ ఇలాంటి తగువుల నుంచే. కొత్త ఉత్పత్తి శక్తి పాత సంబంధాల్ని ఢీకొంటే అది "ఆ పేటవాళ్ళు, ఈ పేటవాళ్ళు" అన్న భాషలో బయటపడింది.

ఎక్కడ పప్పులో కాలేస్తాం

మార్క్స్ చనిపోయిన ఏడేళ్ళకి, 1890 సెప్టెంబరులో, ఆయన సహచరుడు ఎంగెల్స్ జోసెఫ్ బ్లాక్ అనే ఆయనకి ఒక ఉత్తరం రాశాడు. ఆర్థిక అంశం ఒక్కటే నిర్ణయిస్తుందని తామెప్పుడూ అనలేదని, చివరికొచ్చేసరికి నిర్ణయించేదే అది అన్నామని, చట్టం, మతం, రాజకీయం కూడా తిరిగి పునాది మీద పని చేస్తాయని అందులో ఉంది. ఈ పని చేసేవాళ్ళు ఆ ఉత్తరాన్ని మర్చిపోకూడదు.

గంగమ్మ పండగ మరబోట్ల కంటే ముందు నుంచీ ఉంది. దాన్ని వాటా పద్ధతి పుట్టించిందని రాస్తే అబద్ధం. పండగకి ఇప్పుడు ఎవరు ఎక్కువ చందా ఇస్తున్నారు, ఎవరు ముందు నిలబడుతున్నారు, ఎవరి బోటుకి మొదట పూజ జరుగుతోంది అన్నది మాత్రం పునాది వైపు చూపిస్తుంది. అలాగే ఆడవాళ్ళు బోటు ఎక్కకపోవడానికి కారణం ఓనరు లాభంలో దొరకదు. ఆ చోట పునాదిని లాగి లాగి అతికించకండి.

మీ విశ్లేషణ గాడి తప్పిందని తెలిసే గుర్తు ఒకటుంది. కళాసీ తిరగబడితే వర్గపోరాటం, తిరగబడకపోతే భావజాలం అని రెండింటికీ మీ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటే, మీరు ఏమీ కనుక్కోలేదు. ఏం కనబడితే నా మాట తప్పవుతుందో ముందే ఒక వాక్యం రాసి పెట్టుకోండి. వెరావల్ పోలిక అందుకే పెట్టాను.

చివరి అడుగు: చీటీ తిరిగి తీసుకెళ్ళండి

మీరు వేసిన లెక్కని ఆ బోటు మనుషులకే చూపించండి. పేర్లు, బోటు నంబరు తీసేసి చూపించండి, లేకపోతే పని పోయేది వాళ్ళకి. తప్పులు వాళ్ళే దిద్దుతారు.

మా విద్యార్థిని అలాగే ఆ పెద్దాయన దగ్గరికి మళ్ళీ వెళ్ళింది. ఆయన చదువుకోలేదు, చదివి వినిపించింది. వాటాని పదిహేను రోజులతో భాగించి రోజుకి ఇంత అని చెప్పబోతుంటే ఆయన ఆపాడు. చేతిలో వల ఎత్తి చూపించి, "ఇదెవరు కడతారమ్మా? ఒడ్డుకొచ్చాక నాలుగు రోజులు ఇదే పని. ఇది నీ లెక్కలో నేదు" అన్నాడు.

ఆ నాలుగు రోజులకి విడిగా డబ్బు లేదు. ఆ అమ్మాయి అక్కడే కూర్చుని పదిహేనుని పంతొమ్మిది చేసింది. పైన నేను వేసిన ఊహాలెక్కలో అలా మారిస్తే మంచి ట్రిప్పుకి రోజుకి 652 అనుకున్నది 515 అవుతుంది, తక్కువ పడిన ట్రిప్పుకి 145 అనుకున్నది 115 అవుతుంది.